సంఖ్య సరిపోయింది, పటం తప్పింది: ఇనుము అయాన్ల ఆర్బిటాల్ గడులపై ఒక కేస్ స్టడీ

తిరుపతిలోని ఒక జూనియర్ కళాశాలలో ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరం విద్యార్థులకు నేను రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. పరమాణు నిర్మాణం పాఠం ముగిశాక పెట్టిన వారాంతపు పరీక్షలో ఒక ప్రశ్న ఇలా ఉంది: Ti³⁺, Cr³⁺, Fe²⁺ అయాన్ల బాహ్య ఎలక్ట్రాన్ విన్యాసాలను గడుల పటాలుగా గీసి, ఒక్కొక్క దానిలో ఎన్ని ఒంటరి ఎలక్ట్రాన్లు ఉన్నాయో రాయండి. చంద్రగిరి నుంచి రోజూ వచ్చి చదువుకునే ఒక బైపీసీ విద్యార్థిని వరుసగా 1, 3, 4 అని రాసింది. మూడు సంఖ్యలూ సరైనవే. వాటి పక్కన ఆమె గీసిన మూడు పటాలూ తప్పు. సంఖ్యలను మాత్రమే చూసి మార్కులు వేస్తే ఈ జవాబుకు పూర్తి మార్కులు వచ్చేవి, తప్పు బయటపడకుండానే ఆమె రెండో సంవత్సరంలోని d బ్లాకు మూలకాల పాఠానికి వెళ్లిపోయేది. అందుకే ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

ఇనుము విషయంలో ఆమె గీసిన పటమూ, సరైన పటమూ ఇవి.

```
Fe²⁺ ఆమె గీసినది
3d [↑ ][↑ ][↑ ][↑ ][  ]    4s [↑↓]

Fe²⁺ సరైనది
3d [↑↓][↑ ][↑ ][↑ ][↑ ]    4s [  ]
```

రెండింటిలోనూ ఒంటరి ఎలక్ట్రాన్లు నాలుగే. ఆమె పటంలో 3dలో నాలుగు విడివిడిగా ఉన్నాయి, 4sలో ఒక జత ఉంది. సరైన పటంలో 3dలోని ఆరింటిలో రెండు జతకూడి, మిగిలిన నాలుగు ఒంటరిగా ఉన్నాయి. మిగతా రెండు అయాన్లలోనూ ఇదే జరిగింది. టైటానియం పరమాణువు 3d² 4s². అందులోంచి మూడు ఎలక్ట్రాన్లు పోతే 3d¹ మిగలాలి, ఆమె 4s¹ మిగిల్చింది. క్రోమియం పరమాణువును ఆమె సరిగానే 3d⁵ 4s¹ అని రాసుకుంది, కానీ Cr³⁺ కు 3d³ రావలసిన చోట 3d² 4s¹ గీసింది. రెండు చోట్లా లెక్క కలిసిపోయింది. అంటే ప్రశ్నలో ఇచ్చిన మూడు అయాన్లూ, కావాలని ఎంచుకున్నట్టుగా, ఈ ఒక్క తప్పును దాచగల అయాన్లే.

ఆ పటాలు ఎలా వచ్చాయో తెలుసుకోవడానికి ఆమెను పిలిచి Fe³⁺ గీయమన్నాను. ఆమె ముందుగా ఇనుము విన్యాసాన్ని [Ar] 4s² 3d⁶ అని రాసి, కుడి చివర నుంచి మూడు ఎలక్ట్రాన్లు కొట్టేసి, 3d³ 4s² గీసి, ఒంటరి ఎలక్ట్రాన్లు మూడు అని చెప్పింది. "3d నుంచే ఎందుకు తీసినావమ్మా?" అని అడిగితే, "4s ముందు నింపినాము, 3d తర్వాత నింపినాము కదా సార్, చివర వచ్చిందే ముందు పోవాల" అంది. ఆమె తర్కంలో లోపం లేదు. ఆ తర్కానికి ఆధారంగా పెట్టుకున్న వాక్యంలోనే లోపం ఉంది.

ఆ లోపాన్ని మాటతో కాకుండా కొలతతో చూపించడం మేలనిపించింది. ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్య n అయితే అయస్కాంత భ్రామకం √(n(n+2)) బోర్ మాగ్నెటాన్లు అని ఆ పిల్లలకు తర్వాతి సంవత్సరంలో వస్తుంది, కానీ సూత్రం ఇస్తే ఇప్పుడైనా లెక్క కట్టగలరు. n = 3 అయితే 3.87 వస్తుంది, n = 5 అయితే 5.92 వస్తుంది. ఫెర్రిక్ ఆలమ్ వంటి ఇనుము(III) లవణాలలో కొలిచిన విలువ 5.9 దగ్గర ఉంటుంది. కాబట్టి Fe³⁺ లో ఐదు ఒంటరి ఎలక్ట్రాన్లు ఉండి తీరాలి. ఆమె పటంలో 3d గడులు ఐదింటిలో మూడే నిండాయి, 4sలో ఉన్నవి జతకూడి ఉన్నాయి. ఆ పటాన్ని ఎలా సర్దినా ఐదు రాదు. 4sలోని రెండింటిని తీసి 3dలో ఐదు గడులకూ ఒక్కొక్కటి చొప్పున ఉంచితేనే కొలతతో పొసగుతుంది. ఆమె ఆ పని తానే చేసి చూసుకుంది.

```
Fe³⁺
3d [↑ ][↑ ][↑ ][↑ ][↑ ]    4s [  ]
```

ఇక్కడితో ఆపి "4s నుంచే ముందు పోతాయి, గుర్తుపెట్టుకో" అని చెప్పి పంపవచ్చు. చాలా మంది అలాగే పంపిస్తారు. కానీ ముందు నిండినదే ముందు ఎందుకు ఖాళీ అవుతుందన్న ప్రశ్న ఆ పిల్ల మనసులో అలాగే ఉండిపోతుంది, పరీక్ష ఒత్తిడిలో మళ్లీ పాత తర్కమే పైకి వస్తుంది. కాబట్టి ఆ ప్రశ్ననే పట్టుకున్నాను.

ఆఫ్‌బౌ నియమం చెప్పే వరుస, అంటే 1s, 2s, 2p, 3s, 3p, 4s, 3d, 4p అనే వరుస, ప్రధాన, అజిముతల్ క్వాంటం సంఖ్యల మొత్తం, అంటే (n+l) విలువ, పెరిగే క్రమంలో వస్తుంది. 4sకు ఆ విలువ 4+0 = 4, 3dకి 3+2 = 5, కాబట్టి 4s ముందు. విలువలు సమానమైతే, 3d, 4p ల మాదిరిగా రెండింటికీ 5 వస్తే, n తక్కువగా ఉన్నది ముందు. ఇది పిల్లలందరికీ వచ్చు. వారికి చెప్పకుండా వదిలేసేది ఏమిటంటే, ఈ వరుస ఒకే పరమాణువులో ఎలక్ట్రాన్లను ఒకదాని తర్వాత ఒకటి పోసిన చరిత్ర కాదు. ఒక మూలకం నుంచి తర్వాతి మూలకానికి వెళ్లేటప్పుడు ఒక ఎలక్ట్రాన్‌తో పాటు కేంద్రకంలో ఒక ప్రోటాన్ కూడా చేరుతుంది. పొటాషియం, కాల్షియంలలో 3d కన్నా 4s కిందే ఉంటుంది కాబట్టి ఎలక్ట్రాన్లు 4sలో చేరతాయి. కేంద్రకావేశం 21కి చేరేసరికి 3d శక్తి బాగా తగ్గి 4s కన్నా కిందికి దిగుతుంది. దీనికి మంచి సాక్ష్యం స్కాండియం అయాన్లే. Sc³⁺ విన్యాసం ఆర్గాన్ విన్యాసమే. దానికి ఒక ఎలక్ట్రాన్‌ను చేరిస్తే వచ్చే Sc²⁺ విన్యాసం 3d¹, 4s¹ కాదు. రెండోది చేరిస్తే Sc⁺ 3d¹ 4s¹, మూడోది చేరిస్తే స్కాండియం పరమాణువు 3d¹ 4s². అంటే స్కాండియం కేంద్రకం చుట్టూ ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోతే మొదట నిండేది 3dయే.

మరి 3d కిందే ఉంటే మూడూ 3dలోకే ఎందుకు పోలేదని ఆమె వెంటనే అడిగింది. అడగవలసిన ప్రశ్నే అది. 3d ఆర్బిటాళ్లు 4s కన్నా చాలా చిన్నవి, కేంద్రకానికి దగ్గరగా ఇరుకుగా ఉంటాయి. రెండో ఎలక్ట్రాన్ కూడా అక్కడికే వస్తే వాటి మధ్య వికర్షణ పెరుగుతుంది. ఆ వికర్షణను భరించడం కన్నా కొంచెం పైనున్న, విశాలమైన 4sలో ఉండటమే పరమాణువు మొత్తం శక్తికి లాభం. అయాన్‌గా మారినప్పుడు ఎలక్ట్రాన్లు తగ్గి, మిగిలిన వాటిపై కేంద్రకం పట్టు పెరిగి, 3dకీ 4sకీ మధ్య అంతరం ఇంకా పెరుగుతుంది. అప్పుడు 4sలో ఉండటం లాభం కాదు.

దీన్ని ఒకే చూపులో పట్టుకోవడానికి వెనేడియంను, Fe³⁺ను పక్కపక్కన గీయించాను. రెండింటిలోనూ ఎలక్ట్రాన్లు 23.

```
V     (ప్రోటాన్లు 23)
3d [↑ ][↑ ][↑ ][  ][  ]    4s [↑↓]

Fe³⁺  (ప్రోటాన్లు 26)
3d [↑ ][↑ ][↑ ][↑ ][↑ ]    4s [  ]
```

ఆమె మొదట Fe³⁺ కు గీసిన పటం అక్షరాలా వెనేడియం పటమే. ఎలక్ట్రాన్ల సంఖ్య ఒకటే అయినా కేంద్రకంలో మూడు ప్రోటాన్లు ఎక్కువున్నందున విన్యాసం మారిపోయింది. అయాన్ విన్యాసాన్ని రాయడానికి దాని ఎలక్ట్రాన్లను లెక్కపెట్టి ఆఫ్‌బౌ వరుసలో మొదటి నుంచి నింపకూడదనే విషయం ఇక్కడ స్థిరపడింది. ముందు పరమాణువును నింపాలి, తర్వాత దాని నుంచి తీయాలి. అలా తీసేటప్పుడు n విలువ పెద్దగా ఉన్న కర్పరం నుంచి తీయాలి.

ఈ దశలో ఆమె రాసే పద్ధతిలో ఒక మార్పు చేయించాను. నింపేటప్పుడు [Ar] 4s² 3d⁶ వరుస సరే. నింపడం పూర్తయ్యాక దాన్ని కర్పరాల వారీగా [Ar] 3d⁶ 4s² అని తిరగరాసి, గడులను కూడా అదే వరుసలో గీసి, ఖాళీ గడులను కూడా వదలకుండా గీయాలి. కుడి చివర నుంచి కొట్టేసే అలవాటు చేతికి ఉన్నప్పుడు ఈ వరుసలో ఆ అలవాటు హాని చేయదు. ఖాళీ గడులు గీయకపోతే ఏమవుతుందో ఆమె పాత పుస్తకంలోనే కనిపించింది. టైటానియంకు 3d కింద రెండే గడులు గీసింది. అలా గీసిన వారికి మూడో ఎలక్ట్రాన్ వచ్చినప్పుడు జత చేయాలో, కొత్త గడి గీయాలో పటం చెప్పదు.

పాత పుస్తకం తిరగేస్తుండగా మరో తప్పు కనిపించింది. కర్బనాన్ని ఆమె ఇలా గీసింది.

```
C  ఆమె గీసినది
2s [↑ ]    2p [↑ ][↑ ][↑ ]

C  సరైనది
2s [↑↓]    2p [↑ ][↑ ][  ]
```

దీనికి కారణం అడిగితే రెండు చెప్పింది. మొదటిది, పదో తరగతిలో విన్న బస్సు పోలిక. బస్సులో ఖాళీ సీట్లు ఉన్నంతసేపు ఎవరూ ఇంకొకరి పక్కన కూర్చోరు, హుండ్ నియమం కూడా అంతే అన్నది ఆ పోలిక. దీన్ని బడిలో విననివారు తక్కువ. అయితే ఈ పోలిక రెండు ముఖ్యమైన సంగతులను చెప్పదు. హుండ్ నియమం ఒకే ఉపకర్పరంలోని సమశక్తి ఆర్బిటాళ్లకు మాత్రమే వర్తిస్తుంది, అంటే మూడు 2p గడుల మధ్య, లేదా ఐదు 3d గడుల మధ్య. 2s గడికీ 2p గడికీ మధ్య అది వర్తించదు. బస్సులోని సీట్లన్నీ ఒకటే కాబట్టి ఈ హద్దు ఆ పోలికలో కనబడదు. రెండో సంగతి, విడివిడిగా ఉన్న ఎలక్ట్రాన్ల స్పిన్‌లు ఒకే దిశలో ఉండాలి. నత్రజని 2p గడుల్లో ↑, ↓, ↑ అని గీస్తే మూడూ విడివిడిగానే ఉన్నాయి, పౌలీ వర్జన నియమానికీ భంగం లేదు, అయినా అది భూస్థితి పటం కాదు. మూడు బాణాలూ ఒకే వైపు చూడాలి. పౌలీ నియమం ఒక గడిలో ఏది కుదరదో చెబుతుంది. కుదిరే అమరికలలో ఏది తక్కువ శక్తి గలదో హుండ్ నియమం చెబుతుంది. పిల్లల పటాల్లో తప్పు కనిపించినప్పుడు ఏ నియమం తప్పిందో పేరుతో రాయడం నా అలవాటు. ఒకే గడిలో ↑↑ ఉంటే పౌలీ, సమశక్తి గడులు ఖాళీగా ఉండగా జత చేస్తే హుండ్, కింది ఉపకర్పరం నిండకుండా పైకి వెళితే ఆఫ్‌బౌ. కర్బనం పటంలో ఆమె తప్పింది హుండ్ నియమాన్ని కాదు, ఆఫ్‌బౌను.

ఆమె చెప్పిన రెండో కారణం క్రోమియం. "సగం నిండితే స్థిరత్వం ఎక్కువ అన్నారు కదా సార్, 2p సగం నిండింది." ఈ వాదాన్ని తేలికగా కొట్టేయకూడదు, ఎందుకంటే క్రోమియంలో మనం ఆమెకు చెప్పింది ఇదే వాదం. తేడా ఎక్కడుందో చూపించాలి. ఒకే దిశలో స్పిన్ ఉన్న ప్రతి ఎలక్ట్రాన్ల జంటకూ కొంత వినిమయ శక్తి లాభం వస్తుంది. క్రోమియంను 3d⁴ 4s² అని రాస్తే, 4sలోని పై బాణంతో కలిపి ఐదు బాణాలు ఒకే దిశలో ఉంటాయి. వాటిలో పది జంటలు కుదురుతాయి. 3d⁵ 4s¹ అని రాస్తే ఆరు బాణాలు ఒకే దిశలో ఉంటాయి, పదిహేను జంటలు కుదురుతాయి. పైగా 4sలో ఒకే ఆర్బిటాల్‌లో జతగా ఉండటం వల్ల కలిగే వికర్షణ కూడా పోతుంది. క్రోమియం దగ్గర 3d, 4s ఉపకర్పరాల శక్తులు దగ్గరదగ్గరగా ఉన్నాయి కాబట్టి ఈ లాభం నిలుస్తుంది.

కర్బనంలోనూ లాభం ఉంది. 2s² 2p² లో మూడు బాణాలు ఒకే దిశలో ఉండి మూడు జంటలు, 2s¹ 2p³ లో నాలుగు బాణాలుండి ఆరు జంటలు. కానీ 2s నుంచి 2pకి ఎక్కడానికి అయ్యే ఖర్చు ఆ లాభాన్ని మించిపోతుంది. నాలుగు బాణాలూ ఒకే దిశలో ఉన్న ఆ స్థితి కర్బనం భూస్థితికి సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టుల పైన ఉంటుంది. అది ఉత్తేజిత స్థితి. మీథేన్‌లో కర్బనం నాలుగు బంధాలను వివరించడానికి మనం గీసేది ఆ స్థితినే కాబట్టి పిల్లలు ఆ పటాన్ని వేరే పాఠంలో నిజంగానే చూసి ఉంటారు, అక్కడి నుంచి ఇక్కడికి తెచ్చుకుంటారు. క్రోమియంలో మాత్రం తిరగబడిన లెక్క: 3d⁴ 4s² స్థితే భూస్థితికి సుమారు 1 ఎలక్ట్రాన్ వోల్టు పైన ఉంటుంది. సగం నిండటం అనేది తనంతట తాను నిర్ణయించదు. ఆ లాభాన్నీ రెండు ఉపకర్పరాల మధ్య ఎడాన్నీ తూచి చూడాలి. క్రిప్టాన్ వరకు ఉన్న 36 మూలకాలలో ఈ తూకం ఆఫ్‌బౌ వరుసకు వ్యతిరేకంగా తేలేది క్రోమియం, రాగి రెండింటిలోనే. నికెల్‌ను 3d¹⁰ అని, సిలికాన్‌ను 3s¹ 3p³ అని గీసే వారందరూ ఈ రెండు మినహాయింపులను నియమంగా మార్చుకున్నవారే.

రాగి గురించి ఒక మాట. 3d⁹ 4s² గీసినా, 3d¹⁰ 4s¹ గీసినా ఒంటరి ఎలక్ట్రాన్ ఒకటే. అక్కడ కూడా సంఖ్య అడిగితే పటం తెలియదు. Cu⁺ అడిగితే తెలుస్తుంది: సరైన దారిలో 3d¹⁰ వచ్చి ఒంటరి ఎలక్ట్రాన్లు ఉండవు, 3d⁹ 4s² నుంచి వెళ్లినవారికి రెండు మిగులుతాయి.

కొన్ని రోజుల తర్వాత అదే విద్యార్థినికి మళ్లీ Fe²⁺ ఇచ్చాను. ఈసారి ఆమె 3d⁵ 4s¹ గీసి, ఒంటరి ఎలక్ట్రాన్లు ఆరు అని రాసింది. 24 ఎలక్ట్రాన్లు అంటే క్రోమియం గుర్తొచ్చింది, సగం నిండటం గుర్తొచ్చింది. ఇది పాత తప్పు కాదు, కొత్తగా నేర్చుకున్నదాని నుంచి పుట్టిన తప్పు. వెనేడియం, Fe³⁺ పటాలను మళ్లీ ముందుంచితే ఆమెకు వెంటనే అర్థమైంది. క్రోమియంలో 24 ప్రోటాన్లు, Fe²⁺ లో 26. ఆ అయాన్‌లో 4s ఎంతో పైన ఉంటుంది కాబట్టి ఆరో ఎలక్ట్రాన్‌కు అక్కడికి ఎక్కడం కన్నా 3dలో జతకూడటమే చవక. పటం 3d⁶, ఒంటరి ఎలక్ట్రాన్లు నాలుగు. లెక్కకు 4.90 వస్తుంది. ఇనుము(II) లవణాలలో కొలత కాస్త ఎక్కువగానే, 5 దాటి వస్తుంది, ఆర్బిటాల్ చలనం కూడా కొంత తోడవుతుంది కాబట్టి. అయినా ఆరు ఒంటరి ఎలక్ట్రాన్లకు రావలసిన 6.93 కు అది చాలా దూరం.

చివరగా "4s ముందు పోతుంది" అన్న మాటను కూడా పరీక్షించాలనుకున్నాను, ఎందుకంటే అదీ గుడ్డిగా వాడితే తప్పే. గాలియం ఇచ్చి Ga⁺ గీయమన్నాను. పరమాణువు [Ar] 3d¹⁰ 4s² 4p¹. 4s నుంచి తీసినవారు 3d¹⁰ 4s¹ 4p¹ గీస్తారు. ఆమె కాసేపు ఆగి, కర్పరాల వారీగా రాసుకుని, n = 4 లో రెండు ఉపకర్పరాలున్నాయని గమనించి, వాటిలో పైన ఉన్నది 4p కదా అని అక్కడి నుంచి తీసి 3d¹⁰ 4s² గీసింది.

```
Ga⁺
3d [↑↓][↑↓][↑↓][↑↓][↑↓]    4s [↑↓]    4p [  ][  ][  ]
```

పెద్ద n ముందు, అదే nలో పెద్ద l ముందు. ఈ రెండు మాటలతో Ga³⁺ కు 3d¹⁰ కూడా ఇబ్బంది లేకుండా వచ్చింది. గాలియం దాటాక క్రిప్టాన్ వరకు పని 4p గడుల్లోనే: ఆర్సెనిక్‌లో మూడు ఒంటరి బాణాలు, సెలీనియంలో ఒక జతతో పాటు రెండు ఒంటరి బాణాలు, బ్రోమిన్‌లో ఒకటి, క్రిప్టాన్‌లో ఏదీ లేదు. ఈ ఐదు మూలకాలలో ఆమెకు ఎక్కడా తడబాటు రాలేదు.

ఈ కేసు తర్వాత నేను తయారుచేసే ప్రశ్నపత్రాల్లో ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్య అడిగే చోట Ti³⁺, Cr³⁺, Fe²⁺, Co³⁺ లను పెట్టడం లేదు. Co³⁺ కు కూడా 3d⁶, 3d⁴ 4s² రెండింటిలోనూ నాలుగే వస్తాయి. వాటి స్థానంలో V²⁺, Mn²⁺, Fe³⁺, Ni²⁺ పెడుతున్నాను. సరైన దారిలో వీటికి వరుసగా 3, 5, 5, 2 వస్తాయి. 3d నుంచి ముందు తీసినవారికి 1, 3, 3, 4 వస్తాయి. పటం గీయించడానికి సమయం లేని పరీక్షలో కూడా, విద్యార్థి ఏ గడి నుంచి ఎలక్ట్రాన్ తీశాడో ఆ సంఖ్యే చెబుతుంది.